రౌటర్‌కి పెట్టే ఈ మినీ యూపీఎస్ నిజంగా ఎన్ని గంటలు వస్తుంది?

ప్రశ్న: పేజీలో 8000 ఎంఏహెచ్, 4 గంటల బ్యాకప్ అని రాశారు. మా రౌటర్ అడాప్టర్ మీద 12 వోల్టులు, 1.5 ఆంపియర్లు అని ఉంది. మాకు దాదాపు రోజూ 3 గంటలు కరెంటు పోతుంది, ఒక్కోరోజు రెండుసార్లు. నిజంగా ఎంతసేపు వస్తుంది? రెండేళ్లయ్యాక కూడా అంతే వస్తుందా? ఉన్నదున్నట్టు చెప్పండి.

జవాబు: కొత్తగా ఉన్నప్పుడు మీ రౌటర్‌కి మూడు గంటల నుంచి మూడున్నర గంటల దాకా వస్తుంది. ఒకే రోజులో రెండోసారి కరెంటు పోతే, మధ్యలో అయిదు గంటల వ్యవధి లేకపోతే, రెండోసారి మూడు గంటలు రాదు. రెండేళ్ల తర్వాత ఇంతే రాదు. మీరు చెప్పిన వాడకంలో అప్పటికి రెండు గంటలు వస్తే బాగా వచ్చినట్టే. అంటే రోజూ మూడు గంటలు తప్పనిసరిగా కావాలి, కనీసం రెండేళ్లు అలాగే నడవాలి అనుకుంటే ఈ మోడల్ మీకు సరిపోదు, దీనికంటే పెద్దది తీసుకోండి. ఎంత పెద్దదో కింద లెక్క వేసి చెబుతాను.

ముందు పేజీలో ఉన్న 4 గంటల సంగతి. అది 6 వాట్లు తీసుకునే చిన్న రౌటర్‌తో, కొత్త సెల్స్‌తో, నిండా చార్జ్ చేసి కొలిచిన సమయం. రౌటర్ ఎక్కువ కరెంటు తీసుకునేదైతే ఆ మేరకు సమయం తగ్గుతుంది. అందుకే గంటల అంకె ఒక్కటే చూసి నిర్ణయించుకోకూడదు. మీ రౌటర్ ఎన్ని వాట్లు తీసుకుంటుందో తెలిస్తేనే ఆ అంకెకి అర్థం.

8000 ఎంఏహెచ్ అంటే మీకు చేతికొచ్చేది ఎంత

ఇందులో 2000 ఎంఏహెచ్ సెల్స్ నాలుగు ఉన్నాయి, అన్నీ సమాంతరంగా కలిపి ఉంటాయి. నాలుగూ కలిపితే 8000. అయితే ఈ 8000 అనేది సెల్ దగ్గర, అంటే 3.7 వోల్టుల దగ్గర. మీ రౌటర్‌కి కావలసింది 12 వోల్టులు. చాలామంది 8000ని 1500తో భాగించి అయిదు గంటలకి పైగా వస్తుందనుకుంటారు. వోల్టేజీ రెండు చోట్లా ఒకటి కానప్పుడు అలా భాగించడం కుదరదు.

సరైన లెక్క వాట్ అవర్లలో వెయ్యాలి. 8 ఆంపియర్ అవర్లను 3.7 వోల్టులతో గుణిస్తే 29.6 వాట్ అవర్లు. సెల్స్‌లో ఉన్న శక్తి ఇది. దీన్ని 12 వోల్టులకు పెంచే సర్క్యూట్ కొంత శక్తిని వేడిగా పోగొడుతుంది. బ్యాకప్ నడుస్తున్నప్పుడు పెట్టె కాస్త వెచ్చగా తగలడానికి అదే కారణం. పైగా సెల్స్ పూర్తిగా ఖాళీ అయ్యే దాకా వాడితే పాడవుతాయి కాబట్టి లోపలి రక్షణ సర్క్యూట్ కొంచెం ముందే ఆపేస్తుంది. ఈ రెండూ పోగా సుమారు 85 శాతం మీకు దక్కుతుంది. అంటే 25 వాట్ అవర్లు. ఈ ఒక్క అంకె గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతా అంతా దీన్ని భాగించడమే.

ఇక రౌటర్ వైపు. అడాప్టర్ మీద రాసి ఉన్న 12 వోల్టులు, 1.5 ఆంపియర్లు అంటే 18 వాట్లు. ఇది అడాప్టర్ గరిష్ఠంగా ఇవ్వగలిగిన శక్తి మాత్రమే. రౌటర్ ఎప్పుడూ అంత తీసుకోదు. స్టార్ట్ అయ్యేటప్పుడు, ఒకేసారి చాలా ఫోన్లలో వీడియోలు నడిచేటప్పుడు ఎక్కువ లాగుతుంది కాబట్టి కంపెనీలు అడాప్టర్‌ని కొంత పెద్దదిగానే ఇస్తాయి. ఇలాంటి అడాప్టర్‌తో వచ్చే రెండు బ్యాండ్ల వైఫై రౌటర్లు మామూలు వాడకంలో 7 నుంచి 8 వాట్లు తీసుకుంటాయని అనుకోవచ్చు. 25ని 7తో భాగిస్తే మూడున్నర గంటలు, 8తో భాగిస్తే మూడు గంటల పైన కొద్ది నిమిషాలు. నేను పైన చెప్పిన సమయం ఇలా వచ్చింది.

మీ రౌటర్ ఈ కోవలోది కాకపోవచ్చు. కాబట్టి కొనేముందే కొలుచుకోవడం మేలు. గోడ ప్లగ్గుకి పెట్టే చిన్న వాట్ మీటర్ దొరికితే, దానిలో రౌటర్ అడాప్టర్ పెట్టి, ఇంట్లో అందరూ మామూలుగా వాడుతున్నప్పుడు పావుగంట చూడండి. ఎక్కువసేపు నిలకడగా కనిపించే అంకె తీసుకోండి, మధ్యలో ఎగిరే అంకెలు కాదు. మీటర్ చూపేదాంట్లో అడాప్టర్ సొంతంగా తినేది కూడా ఉంటుంది, కాబట్టి ఆ అంకెలో 85 శాతం రౌటర్‌ది అనుకోండి. మీటర్ 9.5 వాట్లు చూపిస్తే రౌటర్ తీసుకునేది సుమారు 8. మరీ తక్కువ వాట్లను కొన్ని మీటర్లు సరిగ్గా చూపలేవు. అంకె 3 కంటే తక్కువ కనిపిస్తే నమ్మకండి.

రౌటర్ వెనక యూఎస్‌బీ హార్డ్ డిస్క్ లాంటిది పెట్టి ఉంటే కరెంటు పోయినప్పుడు దాన్ని తీసేయండి. అది ఒక్కటే రెండు వాట్ల దాకా తీసుకుంటుంది. 8 వాట్ల రౌటర్ 10 వాట్లు అయితే మీ మూడు గంటలు రెండున్నరకి వచ్చేస్తాయి.

మీ ఇంట్లో పెట్టె ఒకటా, రెండా?

మీరు ఒక్క రౌటర్ గురించే అడిగారు. కానీ ఫైబర్ కనెక్షన్ ఉన్న కొన్ని ఇళ్లలో ఫైబర్ వైరు వచ్చే పెట్టె వేరు, వైఫై ఇచ్చే రౌటర్ వేరు. అలా ఉంటే రెంటికీ బ్యాకప్ కావాలి. రౌటర్ ఒక్కదాన్నే నిలబెడితే ఫోనులో వైఫై గుర్తు కనిపిస్తుంది, ఇంటర్నెట్ మాత్రం రాదు. ఫైబర్ పెట్టె 5 వాట్లు తీసుకుంటే మొత్తం 13 వాట్లు అవుతుంది. 25ని 13తో భాగిస్తే రెండు గంటలకు కాస్త తక్కువ, అదీ కొత్తగా ఉన్నప్పుడు. ఈ యూపీఎస్‌కి రెండు పిన్నులు ఉన్నాయి కాబట్టి రెండూ పెట్టుకోవచ్చు, కానీ మూడు గంటలు మాత్రం ఆశించకండి.

రోజులో రెండోసారి పోతే ఏమవుతుంది

కొనేటప్పుడు ఎవరికీ తట్టని సంగతి ఇదే. మీ ఇంట్లో ఒక్కోరోజు రెండుసార్లు పోతుందన్నారు కాబట్టి వివరంగా చెబుతాను.

దీని చార్జింగ్ వేగం 2 ఆంపియర్లు. ఖాళీ అయిన 8 ఆంపియర్ అవర్లు నిండడానికి లెక్కప్రకారం నాలుగు గంటలు. కానీ లిథియం సెల్ నిండుతున్నకొద్దీ చార్జింగ్ నెమ్మదిస్తుంది, చివరి భాగం నిదానంగా ఎక్కుతుంది. మొత్తం మీద అయిదు గంటలు పడుతుంది. చార్జింగ్ వేగం ఇంకా పెంచితే సెల్స్, సర్క్యూట్ రెండూ వేడెక్కుతాయి, మీ అడాప్టర్ కూడా దానికి చాలదు.

ఉదాహరణకి పొద్దున 9 గంటలకి కరెంటు పోయి 12కి వచ్చిందనుకుందాం. 8 వాట్ల చొప్పున మూడు గంటలకి 24 వాట్ అవర్లు ఖర్చయ్యాయి, యూపీఎస్ దాదాపు ఖాళీ. మధ్యాహ్నం 2 గంటలకి మళ్లీ పోయింది. రెండు గంటల చార్జింగ్‌లో సగం ఎక్కింది, అంటే మీకు వాడుకోవడానికి పన్నెండున్నర వాట్ అవర్లు. దాంతో 8 వాట్ల రౌటర్ నడిచేది గంటన్నర. మూడున్నరకి నెట్ పోతుంది. యూపీఎస్ పాడైందేమో అని మీకు అనుమానం రావచ్చు, కానీ అది చెయ్యగలిగింది అంతే. అదే రెండోసారి సాయంత్రం 5 తర్వాత పోతే మళ్లీ పూర్తి మూడు గంటలు వస్తుంది. మీ ఇంటి దగ్గర రెండు కోతల మధ్య ఎంత వ్యవధి ఉంటుందో ఒక వారం రాసి పెట్టుకోండి, సమాధానం దాంట్లోనే ఉంటుంది.

చార్జింగ్‌తో ముడిపడిన మరో విషయం మీ పాత అడాప్టర్. ఈ యూపీఎస్‌కి వేరే అడాప్టర్ రాదు, రౌటర్‌తో వచ్చిందే దీనికి పెట్టాలి. కరెంటు తిరిగి వచ్చాక ఆ అడాప్టర్ రెండు పనులు చెయ్యాలి: రౌటర్‌ని నడపాలి, సెల్స్‌ని నింపాలి. రౌటర్‌కి 8, చార్జింగ్‌కి దాదాపు 9, మొత్తం 17 వాట్లు. మీ అడాప్టర్ 18 వాట్లది కాబట్టి ఒడ్డున పడినట్టే. కానీ ఫైబర్ పెట్టె కూడా కలిపితే 22 అవుతుంది, అప్పుడు 12 వోల్టుల 2 ఆంపియర్ల అడాప్టర్ కొనాల్సిందే. 1 ఆంపియర్ అడాప్టర్ ఉన్నవాళ్లు ఒక్క రౌటర్‌కైనా అడాప్టర్ మార్చుకోవాలి. అడాప్టర్ చాలట్లేదని గుర్తుపట్టడం తేలిక: కరెంటు ఉన్నంతసేపూ, పోయినప్పుడూ బాగానే ఉండి, తిరిగి వచ్చిన కాసేపటికి రౌటర్ దానంతటదే రీస్టార్ట్ అవుతుంటే లోపం అడాప్టర్‌లో ఉన్నట్టు. పట్టుకుంటే చెయ్యి కాలేంత వేడిగా కూడా ఉంటుంది. ఆ పరిస్థితిలో దాన్ని అలాగే నడపకండి.

రెండేళ్ల తర్వాత

లిథియం అయాన్ సెల్ రెండు రకాలుగా అరుగుతుంది. ఒకటి వాడటం వల్ల. ఇలాంటి సెల్స్ పూర్తిగా నింపి పూర్తిగా ఖాళీ చేస్తూ 300 నుంచి 500 సార్లు వాడేసరికి కొత్తప్పటి సామర్థ్యంలో 80 శాతానికి వస్తాయి. మీ ఇంట్లో రోజూ మూడు గంటలు అంటే 25లో 24 వాట్ అవర్లు రోజూ ఖర్చు. దాదాపు పూర్తిగా ఖాళీ చేసినట్టే. ఆ లెక్కన ఏడాది, ఏడాదిన్నరకే ఆ 80 శాతం గీత దగ్గరికి వస్తారు.

రెండోది వాడకపోయినా జరిగే అరుగుదల. యూపీఎస్ అంటేనే ఎప్పుడూ నిండుగా ఉండి ఎదురుచూసే వస్తువు. లిథియం అయాన్ సెల్‌కి ఎక్కువ కాలం నూటికి నూరు శాతం చార్జ్‌తో ఉండటం మంచిది కాదు, దానికి వేడి తోడైతే ఇంకా నష్టం. నిండుగా చార్జ్ చేసిన సెల్‌ని 25 డిగ్రీల దగ్గర ఏడాది ఊరికే ఉంచితే సామర్థ్యంలో సుమారు అయిదో వంతు పోతుంది. 40 డిగ్రీల దగ్గర ఉంచితే సుమారు మూడో వంతు పోతుంది. ఈ కారణంగానే నేను అందరికీ గట్టిగా చెప్పేది ఒకటుంది: యూపీఎస్‌ని రౌటర్ మీద పెట్టకండి, రౌటర్‌ని యూపీఎస్ మీద పెట్టకండి. రెండూ వెచ్చబడే వస్తువులే. మూసిన అరలో కాకుండా, ఎండ పడని చోట, కనీసం ఒక జానెడు ఎడంగా గాలి ఆడేలా పెట్టండి. దీనికి ఖర్చేమీ లేదు, సెల్ ఆయుష్షు మాత్రం కచ్చితంగా పెరుగుతుంది.

రెండు అరుగుదలలూ కలిపితే మీ వాడకంలో రెండేళ్లకి 60 శాతం మిగులుతుందని అనుకోవడం న్యాయం. 25లో 60 శాతం అంటే 15 వాట్ అవర్లు, 8 వాట్ల రౌటర్‌కి రెండు గంటలకు కొంచెం తక్కువ. కోతలు అరుదుగా ఉండే ఇంట్లో, చల్లని గదిలో అయితే ఇంతకంటే మెరుగ్గా ఉంటుంది.

పాతబడ్డ సెల్స్‌కి ఇంకో లక్షణం ఉంటుంది, అది తెలియక రౌటర్‌ని అనుమానిస్తారు. సెల్ అరిగేకొద్దీ దాని అంతర్గత నిరోధం పెరుగుతుంది. రౌటర్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగిన క్షణంలో సెల్ వోల్టేజీ కిందికి జారుతుంది, రక్షణ సర్క్యూట్ ఆపేస్తుంది. లోడ్ పోగానే వోల్టేజీ మళ్లీ పైకి లేస్తుంది, రౌటర్ మళ్లీ స్టార్ట్ అవుతుంది, మళ్లీ ఆగుతుంది. బ్యాకప్ చివర్లో రౌటర్ నిశ్శబ్దంగా ఆగిపోకుండా పదే పదే రీస్టార్ట్ అవుతుంటే సెల్స్ అరిగిపోయాయని అర్థం. అప్పుడు యూపీఎస్ నుంచి రౌటర్ పిన్ను తీసేయండి, కరెంటు వచ్చాక పెట్టండి.

ఎంత అరిగిందో మీరే కొలుచుకోవచ్చు. కొన్న మొదటి వారంలో ఒక రాత్రంతా చార్జ్ చెయ్యండి. పొద్దున రౌటర్ ఎప్పటిలాగే నడుస్తుండగా గోడ దగ్గర స్విచ్ ఆపి, టైము చూసుకోండి. నెట్ ఆగిన టైము రాసుకుని, ఆ కాగితాన్ని యూపీఎస్ అడుగున అంటించండి. మూడు నాలుగు నెలలకోసారి అదే రౌటర్‌తో మళ్లీ చెయ్యండి. అంతకంటే తరచుగా వద్దు, ఈ పరీక్షే సెల్‌ని అరగదీస్తుంది. మొదటిసారి వచ్చిన సమయంలో 60 శాతానికి పడిపోతే సెల్స్ మార్చే వేళ అయినట్టే. నాలుగింటినీ ఒకేసారి మార్చాలి, పాతవాటితో కొత్తవి కలపకూడదు. సెల్స్‌కి పట్టీలను స్పాట్ వెల్డింగ్‌తో అతికిస్తారు, కాబట్టి ఇంట్లో సోల్డరింగ్ ఐరన్‌తో ప్రయత్నించకండి, ఆ వేడికి సెల్ దెబ్బతింటుంది. పెట్టె ఎక్కడైనా ఉబ్బినట్టు కనిపించినా, తియ్యటి మందు వాసన లాంటిది వచ్చినా వెంటనే వాడటం ఆపి, ఇంట్లో మండే వస్తువులకు దూరంగా పెట్టండి.

మీకు ఏది సరిపోతుంది

మీ అవసరం 8 వాట్లు, మూడు గంటలు: 24 వాట్ అవర్లు. సర్క్యూట్ నష్టాలకి 0.85తో భాగించండి, 28 వస్తుంది. రెండేళ్ల అరుగుదలకి 0.65తో భాగించండి, 43 వస్తుంది. 3.7 వోల్టులతో భాగిస్తే 11,700 ఎంఏహెచ్. కాబట్టి 12,000 ఎంఏహెచ్ తరగతిది తీసుకుంటే రెండేళ్ల తర్వాత కూడా మూడు గంటలు దక్కుతుంది. ఇక్కడ 60కి బదులు 65 శాతం వేశాను. కారణం, పెద్ద బ్యాటరీని మీరు రోజూ మూడింట రెండు వంతులే వాడతారు, పూర్తిగా ఖాళీ చెయ్యరు కాబట్టి అది కాస్త నిదానంగా అరుగుతుంది.

రోజూ కరెంటు పోయే ఇంటికి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ ఉన్నది దొరికితే ఇంకా మంచిది. ఎక్కువ సార్లు చార్జ్ చేసుకోవచ్చు, నిండుగా ఉండటాన్ని కూడా బాగా తట్టుకుంటుంది. కాకపోతే దాని సెల్ వోల్టేజీ 3.2 మాత్రమే, కాబట్టి లెక్కలో 3.7 బదులు 3.2 వెయ్యాలి. అవే వాట్ అవర్లకి ఎంఏహెచ్ ఎక్కువ ఉండాలి, పెట్టె కూడా పెద్దదవుతుంది.

ఇతర మోడళ్లు చూసేటప్పుడు ఎంఏహెచ్ అంకె ఒక్కటే చూసి మోసపోకండి. ఈ పెట్టెల్లో వాడే 18650 సైజు సెల్ ఒక్కోటి ఎంత మంచిదైనా 3500 ఎంఏహెచ్ చుట్టుపక్కలే ఉంటుంది. నాలుగు సెల్స్ పెట్టెకి 20,000 అని రాసి ఉంటే అది జరగని పని. సెల్ ఒక్కోటి సుమారు 45 గ్రాములు, అంటే నాలుగు సెల్స్‌కే 180 గ్రాములు ఉండాలి. పెట్టె మొత్తం బరువే అంతకంటే తక్కువ రాసి ఉంటే లోపల నాలుగు లేనట్టే. వాట్ అవర్లు రాసి ఉన్నవాటిని ముందు చూడండి, రాయకపోతే అమ్మేవాళ్లని అడగండి.

చివరిగా, బ్యాటరీ ఎంత పెద్దదైనా తీర్చలేని లోటు ఒకటుంది, డబ్బు ఖర్చు పెట్టేముందు అది చూసుకోండి. కరెంటు పోయినప్పుడు మీ నెట్ కంపెనీ వైపు పరికరాలు కూడా ఆగిపోతే మీ రౌటర్ వెలుగుతూనే ఉంటుంది కానీ నెట్ రాదు. ఫైబర్ నేరుగా మీ ఇంటిదాకా వస్తే మధ్యలో వీధుల్లో ఉండే స్ప్లిటర్లకి కరెంటు అక్కర్లేదు, కాబట్టి మామూలుగా ఇబ్బంది రాదు. వీధి పెట్టెలోని స్విచ్ నుంచి రాగి కేబుల్‌తో కనెక్షన్ ఇచ్చి ఉంటే మాత్రం, ఆ స్విచ్‌కి బ్యాకప్ లేకపోతే అది కరెంటుతోపాటే ఆగిపోతుంది. ఇన్వర్టర్ గానీ వేరే యూపీఎస్ గానీ ఉన్నవాళ్ల దగ్గర ఒక గంట అరువు తెచ్చుకుని, కరెంటు పోయినప్పుడు మీ రౌటర్‌ని దానితో నడిపి చూడండి. ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న దీపం ఎర్రగా వెలిగినా, ఇంటర్నెట్ దీపం ఆరిపోయినా సమస్య మీ ఇంటి బయట ఉంది. అప్పుడు ఈ యూపీఎస్ కొనొద్దు, పెద్దదీ కొనొద్దు, ముందు నెట్ కంపెనీతో మాట్లాడండి.

మీ రౌటర్ మోడల్ పేరు, మీటర్ చూపిన వాట్లు, ఫైబర్ పెట్టె వేరుగా ఉందో లేదో ఇక్కడే రాయండి. మీ అంకెలతో లెక్క వేసి చెబుతాను. పిన్ను సంగతి కూడా చూడండి: దీని పిన్ను బయట 5.5, లోపల 2.1 మిల్లీమీటర్లు. మీ రౌటర్‌ది లోపల 2.5 అయితే ఈ పిన్ను దానిలోకి ఎక్కదు. అలాంటప్పుడు 2.5 పిన్ను కన్వర్టర్ ఒకటి వేరుగా తీసుకోవాలి.